రెడ్ వైన్‌తో తలనొప్పి, సగం బీరుకే మొహం ఎర్రబడటం: ఈ రెండూ ఒకటి కావు

ప్రశ్న: మాది హన్మకొండ. నాకు 36 ఏండ్లు. దావత్‌లల్ల విస్కీ రెండు స్మాల్ పెగ్గులు తాగుత, ఏం కాదు. అదే ఇంకో దోస్తుతోని కలిసి ఒక రెడ్ వైన్ బాటిల్ పంచుకుంటే గంట, గంటన్నరల తలకాయ గుంజుతది. మా బామ్మర్దికైతే సగం బీరుకే మొహం, చెవులు కాలుతయి, గుండె దడదడ కొట్టుకుంటది. అందరు సల్ఫైట్లే కారణం అంటున్నరు. సల్ఫైట్ తీసేసే చుక్కలు ఆన్‌లైన్ల దొరుకుతున్నయి, కొనాల్నా? సెట్రిజిన్ ఏసుకొని తాగితే ఏమన్న అయితదా?

జవాబు:

చుక్కలు కొనకండి, డబ్బులు దండగ. సెట్రిజిన్ వేసుకుని తాగొద్దు, కారణం కింద రాస్తాను. మీ తలనొప్పికీ మీ బామ్మర్ది మొహం కాలడానికీ మూలం ఒకటే కాకపోవచ్చు. రెండింట్లో అతనిదే ఎక్కువ పట్టించుకోవాల్సిన సంగతి. ముందు మీది చూద్దాం.

సల్ఫైట్ల దాకా పోయే ముందు ఒక చిన్న లెక్క చేయాలి. ఈ లెక్క చేయకుండానే చాలామంది వైన్ మీద నింద వేస్తారు. సీసా మీద రాసిన శాతాన్ని తాగిన మిల్లీలీటర్లతో గుణించి, 100తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 0.79తో గుణిస్తే ఒంట్లోకి పోయిన ఆల్కహాల్ ఎన్ని గ్రాములో తెలుస్తుంది. మన దగ్గర దొరికే విస్కీ 42.8 శాతం. రెండు స్మాల్ అంటే 60 మి.లీ. కాబట్టి దాదాపు 20 గ్రాములు. వైన్ సీసా 750 మి.లీ., ఇద్దరు పంచుకుంటే మీ వాటా 375. అది 13.5 శాతం వైన్ అనుకుంటే మీకు పోయింది 40 గ్రాములు. అంటే వైన్ తాగిన రాత్రి మీరు విస్కీ రాత్రి కంటే దాదాపు రెండింతలు తాగారు. దానికి తోడు విస్కీలో మీరు సోడానో నీళ్లో పోసుకుంటారు, పక్కన చికెన్ ముక్కలు, పల్లీలు ఉంటాయి, రెండు పెగ్గులకు రెండు గంటలు పడుతుంది. వైన్‌లో నీళ్లు కలపరు, గొంతులోకి తేలిగ్గా దిగుతుంది, ఖాళీ కడుపున గంటలో అయిపోతుంది. మామూలు మనిషి కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే వదిలించుకోగలదు. గంటలో 40 గ్రాములు పోస్తే మిగతాది రక్తంలో తిరుగుతూనే ఉంటుంది.

అందుకని మీ తలనొప్పిలో కొంత భాగం వైన్‌ది కాదు, మోతాదుది, వేగానిది. ఎంత భాగమో తేల్చే పద్ధతి కింద చెప్తాను. అయితే మోతాదు సమానం చేసినా రెడ్ వైన్‌కే తల పట్టుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు. దాన్ని ఊహ అని కొట్టిపారేయడం తప్పు. 1988లో లండన్‌లో ఒక పరీక్ష చేశారు. రెడ్ వైన్ తమకు పడదని చెప్పే మైగ్రేన్ రోగుల్ని తీసుకుని, కొందరికి రెడ్ వైన్, కొందరికి అంతే ఆల్కహాల్ ఉండేలా పలచన చేసిన వోడ్కా ఇచ్చారు. రంగూ రుచీ పసిగట్టకుండా బాగా చల్లబరిచి, ముదురు రంగు సీసాల్లో ఇచ్చారు. వైన్ తాగిన 11 మందిలో 9 మందికి మైగ్రేన్ వచ్చింది. వోడ్కా తాగిన 8 మందిలో ఒక్కరికీ రాలేదు. మనుషులు తక్కువే అయినా, ఆల్కహాల్ కాకుండా రెడ్ వైన్‌లో ఇంకేదో ఉందని అది గట్టిగానే చెప్తుంది. ఆ ఇంకేదో ఏమిటన్నదే అసలు ప్రశ్న. అందరి వేలూ చూపించేది సల్ఫైట్ వైపు. సాక్ష్యం అన్నింటికంటే తక్కువ ఉన్నది కూడా దాని మీదే.

సల్ఫైట్ అంటే గంధకం నుంచి వచ్చే పదార్థం. వైన్ గాలికి రంగు మారకుండా, పులిసి చెడిపోకుండా, అక్కర్లేని బ్యాక్టీరియా పెరగకుండా వేస్తారు. ఎక్కువగా పొటాషియం మెటాబైసల్ఫైట్ రూపంలో వేస్తారు, లేబుల్ మీద దాని అంకె 224. ఏమీ వేయకపోయినా పులిసేటప్పుడు ఈస్టే కొంచెం తయారు చేస్తుంది, కాబట్టి సల్ఫైట్ బొత్తిగా లేని వైన్ దాదాపు ఉండదు. లీటరుకు 10 మి.గ్రా. దాటితే ఉందని లేబుల్ మీద రాయాలి. ఆ ఒక్క వాక్యం కళ్ల ముందు కనబడుతుంది కాబట్టే నింద అంతా దాని మీద పడుతోంది. అలర్జీ లక్షణాలు తెచ్చే హిస్టమిన్ ఎంతుందో, తొక్కలోంచి ఏమేం దిగాయో ఏ సీసా మీదా రాయరు.

ఇప్పుడు చూడండి. ఐరోపా నియమాల ప్రకారం మామూలు రెడ్ వైన్‌లో సల్ఫైట్ లీటరుకు 150 మి.గ్రా. మించకూడదు. వైట్ వైన్‌లో 200 దాకా వేయొచ్చు, తీపి వైన్లలో ఇంకా ఎక్కువ. రెడ్‌కు తొక్కలోంచి వచ్చే టానిన్లే కొంత కాపలా కాస్తాయి, వైట్‌కు ఆ రక్షణ లేదు, అందుకే దానికి ఎక్కువ వేస్తారు. సల్ఫైటే తలనొప్పి తెచ్చేదైతే వైట్ వైన్ తాగినవాళ్లే ఎక్కువగా తల పట్టుకోవాలి. జరుగుతున్నది అందుకు తలకిందులు.

ఇంకో ఆధారం మన వంటింట్లోనే దొరుకుతుంది. డ్రైఫ్రూట్ దుకాణాల్లో మెత్తగా, నారింజ రంగులో మెరిసే ఆప్రికాట్లు ఉంటాయి కదా, ఆ రంగు నిలబడేది సల్ఫైట్ వల్లే. వాటిలో కిలోకు 2000 మి.గ్రా. దాకా ఉండొచ్చు. అంటే 30 గ్రాములు, నాలుగైదు పండ్లు తింటే 60 మి.గ్రా. దాకా పోవచ్చు. మీరు తాగిన 375 మి.లీ. రెడ్ వైన్‌లో పరిమితి మేరకు నిండుగా వేసినా 56 మి.గ్రా. మాత్రమే. మన పెళ్లిళ్లలో ఖుబానీ కా మీఠా చేసే గోధుమ రంగు, గట్టి గింజ ఖుబానీ వేరు. ఎండలో ఎండబెట్టిన ఆ రకంలో మామూలుగా సల్ఫైట్ వేయరు. వేస్తే ఆ ముదురు రంగు రాదు. నారింజ రంగు ఆప్రికాట్లు, పసుపుపచ్చగా మెరిసే కిస్మిస్ తిని మీకు ఎప్పుడూ తల నొయ్యకపోతే సల్ఫైట్ మీకు పడదని చెప్పడానికి ఆధారం లేనట్టే.

సల్ఫైట్ ఎవరికీ హాని చేయదని నేను అనడం లేదు. ఆస్తమా ఉన్నవాళ్లలో కొద్ది శాతం మందికి అది నిజంగానే ప్రమాదం. వాళ్లకు వచ్చేది తలనొప్పి కాదు. తాగిన కొన్ని నిమిషాల్లోనే ఛాతీ బిగుసుకుంటుంది, పిల్లికూతలు వస్తాయి, దగ్గు ఆగదు. అలాంటివాళ్లకు ఆప్రికాట్లతో కూడా అదే జరుగుతుంది. కాబట్టి ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లో పండ్లతో పరీక్ష చేసుకోకూడదు. ఛాతీ డాక్టర్ దగ్గరికి పోయి చెప్పుకోవాలి.

మీరు అడిగిన చుక్కల్లో చాలావాటిలో ఉండేది పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్. అది సల్ఫైట్‌ను సల్ఫేట్‌గా మార్చే మాట నిజమే. కానీ ఆల్కహాల్, హిస్టమిన్, తొక్కలోంచి దిగిన పదార్థాలు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. మీ తలనొప్పికి మూలం కానిదాన్ని తీసేసినంత మాత్రాన మీకు ఒరిగేదేమీ లేదు. 'సల్ఫైట్ కలపలేదు' అని రాసిన సీసాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. సల్ఫైట్ ఆపేది బ్యాక్టీరియానే, హిస్టమిన్‌ను తయారు చేసేదీ బ్యాక్టీరియానే. సల్ఫైట్ లేకుండా చేసేవాళ్లు శుభ్రతలో ఏమాత్రం జారినా ఆ వైన్‌లో హిస్టమిన్ పెరిగే వీలుంది.

ఇక హిస్టమిన్ సంగతి. రెడ్ వైన్ ఒకసారి ఈస్ట్‌తో పులిశాక, రెండోసారి లాక్టిక్ బ్యాక్టీరియాతో మాగుతుంది. పులుపు తగ్గి మెత్తబడటానికి ఇది చేస్తారు. ఆ బ్యాక్టీరియాలో కొన్ని రకాలు ద్రాక్షలో ఉండే హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి. చాలా వైట్ వైన్లకు ఈ రెండో దశ ఉండదు, అందుకే వాటిలో హిస్టమిన్ తక్కువ. రెడ్‌లో లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు మామూలు, కొన్నింట్లో 20 దాటొచ్చు. మనం తినే ఆహారంలోని హిస్టమిన్‌ను పేగుల్లో డీఏఓ అనే ఎంజైమ్ విరిచేస్తుంది. కొందరికి అది పుట్టుకతోనో, పేగు జబ్బు వల్లనో, కొన్ని మందుల వల్లనో తక్కువగా ఉంటుంది. పైగా ఆల్కహాలే ఆ ఎంజైమ్‌ను మందగింపజేస్తుంది.

వినడానికి ఈ కథ చక్కగా అతికినట్టుంటుంది. లెక్కలో పెడితే అంత బలంగా నిలబడదు. లీటరుకు 8 మి.గ్రా. ఉందనుకుంటే మీ 375 మి.లీ.లో ఉండేది 3 మి.గ్రా. సముద్రపు చేపల్లో హిస్టమిన్‌కు అంతర్జాతీయంగా పెట్టిన పరిమితి కిలోకు 200 మి.గ్రా. అంటే ఆ పరిమితి దగ్గరున్న కానాగంతల ముక్కలు 100 గ్రాములు తింటే 20 మి.గ్రా. పోతాయి. ఫ్రాన్స్‌లో వైన్ పడదనేవాళ్లకు హిస్టమిన్ ఎక్కువున్న వైన్, తక్కువున్న వైన్ ఏదో చెప్పకుండా తాగించి చూశారు, 2001లో ఫలితాలు వచ్చాయి. హిస్టమిన్ ఎంతుందన్నదానికీ వాళ్ల బాధకూ పొంతన కుదరలేదు. కాబట్టి నా అంచనా ఇది: హిస్టమిన్ కొద్దిమందికి మాత్రమే అసలు కారణం, వాళ్లను గుర్తుపట్టొచ్చు. వాళ్లకు వైన్ ఒక్కటే కాదు, పాత చీజ్, ఐసు కరిగిపోయి కాస్త వాసన మారిన సముద్రపు చేప కూడా పడవు. తలనొప్పి ఒంటరిగా రాదు. ముక్కు కారడం, తుమ్ములు, ఒళ్లు దురద, కడుపులో మెలిపెట్టడం వెంట వస్తాయి. మీరు రాసినదాంట్లో అవేమీ లేవు.

సెట్రిజిన్ దగ్గరికి వద్దాం. అది ఒంట్లోని హిస్టమిన్‌ను తీసేయదు, హిస్టమిన్ పనిచేసే చోట్లలో ఒక రకాన్ని మాత్రం మూస్తుంది. మీ నొప్పి హిస్టమిన్ వల్ల కాకపోతే దానితో ఏ లాభమూ ఉండదు. నష్టం మాత్రం ఉంది: ఆ మాత్రే కొందరికి మత్తు తెస్తుంది, ఆల్కహాల్ దాన్ని ఇంకా పెంచుతుంది. కాజీపేటలో దావత్ అయ్యాక బండి మీద హన్మకొండ రావడం ప్రాణం మీదికి వస్తుంది. బండి నడపకపోయినా, మగతలో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

మరి రెడ్ వైన్‌లో ఉన్న ఆ ఇంకేదో ఏమిటి? ఇప్పుడు ఎక్కువ నమ్మకం కలిగిస్తున్నది ద్రాక్ష తొక్కలోని క్వెర్సెటిన్. దీన్ని అర్థం చేసుకుంటే మీ బామ్మర్ది సంగతి కూడా సగం అర్థమవుతుంది. ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాల్‌ను కాలేయం రెండు మెట్లలో విరుస్తుంది. మొదటి మెట్టులో అది ఎసిటాల్డిహైడ్ అవుతుంది, ఇది ఘాటైన విషం. రెండో మెట్టులో ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమ్ దాన్ని హాని లేని ఎసిటేట్‌గా మారుస్తుంది. చెరువులోకి వాగు వస్తూనే ఉండి, తూము సగం మూసుకుపోతే నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయి. రెండో మెట్టు మందగిస్తే ఎసిటాల్డిహైడ్ రక్తంలో అలాగే పేరుకుంటుంది. మొహం కాలుతుంది, గుండె వేగం పెరుగుతుంది, వికారం, తలనొప్పి వస్తాయి.

క్వెర్సెటిన్‌ను మన ఒళ్లు క్వెర్సెటిన్ గ్లూకురోనైడ్‌గా మారుస్తుంది. ఆ రూపం ఏఎల్‌డీహెచ్2ను బాగా అడ్డుకుంటోందని కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ప్రచురించారు. తొక్కతో కలిపి పులియబెడతారు కాబట్టి రెడ్ వైన్‌లో ఈ రకం పదార్థాలు వైట్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గుత్తికి ఎండ ఎంత తగిలితే తొక్కలో క్వెర్సెటిన్ అంత పెరుగుతుంది. అందుకే ఒకే రకం ద్రాక్షతో చేసిన రెండు సీసాల్లో కూడా తేడా ఉంటుంది. ఒక రెడ్ పడి ఇంకో రెడ్ పడకపోవడానికి ఇది బాగా సరిపోయే కారణం. అయితే ఆ పని గాజునాళికలో ఎంజైమ్ మీద చేసింది, మనుషుల తలనొప్పి మీద కాదు. అందుకని దీన్ని బలమైన అనుమానం అనాలి, తీర్పు అనకూడదు. మైగ్రేన్ తత్వం ఉన్నవాళ్లకు తల ముందే సున్నితంగా ఉంటుంది కాబట్టి కొద్దిగా ఎసిటాల్డిహైడ్ పెరిగినా చాలు. మీకు ఎప్పుడైనా తలలో ఒక పక్క గుంజడం, వెలుతురు పడకపోవడం, వికారం రావడం లాంటివి వైన్ లేకుండా కూడా వస్తుంటే ముందు మైగ్రేన్ చూపించుకోండి. అప్పుడు వైన్ దాన్ని రేపేది మాత్రమే, జబ్బుకు మూలం కాదు.

ఇప్పుడు మీ విషయంలో తేల్చే పద్ధతి. ఇది ఇప్పటికే అప్పుడప్పుడు తాగుతున్న, వేరే జబ్బులు లేని మనిషికి మాత్రమే. పరీక్ష కోసం ఎవరూ కొత్తగా మొదలుపెట్టొద్దు. బీపీ, షుగర్, ఫిట్స్, నిద్ర మందులు వాడేవాళ్లు, కాలేయం సమస్య ఉన్నవాళ్లు చేయొద్దు. వారం వారం ఎడం ఇచ్చి మూడు సాయంత్రాలు పెట్టుకోండి. ఒక వారం 45 మి.లీ. విస్కీ నీళ్లతో, ఒక వారం 150 మి.లీ. వైట్ వైన్, ఒక వారం 150 మి.లీ. రెడ్ వైన్. ఈ మూడింట్లో ఆల్కహాల్ దాదాపు 15, 16 గ్రాములే, కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. గ్లాసులో కంటితో చూసి పోయొద్దు. పెద్ద వైన్ గ్లాసులో 150 అనుకుని పోసింది 220 దాకా పోతుంది, ఈ పరీక్ష చాలావరకు చెడేది అక్కడే. దగ్గు మందు మూతతోనో, కొలత గిన్నెతోనో కొలవండి. మూడుసార్లూ అన్నం తిన్నాక, అదే వేళకు, ముప్పావు గంటలో తాగండి. పక్కన రెండు గ్లాసుల నీళ్లు తాగండి. ఎండాకాలంలో ఓరుగల్లు ఎండకు పగలంతా తిరిగొచ్చిన రోజు, నిద్ర చాలని రోజు, ఉపవాసం ఉన్న రోజు పెట్టుకోవద్దు. ఆ తలనొప్పి ఎండదో, వైన్‌దో చెప్పలేరు. ఎప్పుడు మొదలైంది, ఎటు పక్క, ఎంతసేపు ఉంది, ముక్కూ చర్మం ఎలా ఉన్నాయి అన్నది ఫోన్‌లో రాసుకోండి.

మూడింటికీ ఏమీ కాకపోతే మీ సమస్య మోతాదూ వేగమే. ఒక గ్లాసుకు కనీసం రెండు గంటలు ఇచ్చి, తిని తాగితే తల నొయ్యదు. మూడింటికీ నొప్పి వస్తే ఆల్కహాలే కారణం, లేదా దాని కింద మైగ్రేన్ ఉంది, వైన్ మార్చి లాభం లేదు. రెడ్‌కు మాత్రమే వస్తే తొక్కలోంచి వచ్చినదే ఎక్కువ అనుమానం. వైట్‌కు మారండి, లేదా ఆ రెడ్‌ను మానండి. రెండు వైన్లకూ వచ్చి విస్కీకి రాకపోతే, అందులోనూ ముక్కు, చర్మం లక్షణాలు ఉంటే, హిస్టమిన్ గురించి అలర్జీ డాక్టర్‌తో మాట్లాడండి. వేళ కూడా చాలా చెప్తుంది. తాగిన మూడు గంటల్లోపు మొదలయ్యేది పైన చెప్పిన రకం. తెల్లారి లేచాక పట్టేది హ్యాంగోవర్. సీసా రకం కంటే రాత్రి ఎంత తాగారన్నదే దాన్ని ఎక్కువగా తేలుస్తుంది. ఒక్కసారి వచ్చిన ఫలితంతో తీర్పు చెప్పకండి. రెడ్‌కు వస్తే అదే సీసాను మళ్లీ తెరవకుండా, ఇంకో వారం కొత్త సీసాతో మరోసారి చూడండి.

ఇక మీ బామ్మర్ది. సగం బీరు అంటే, 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో సగం, 8 శాతం లెక్కన 20 గ్రాముల ఆల్కహాల్. మీ రెండు పెగ్గులంత. మోతాదు తక్కువేమీ కాదు, కానీ మొహం కాలడం, గుండె దడ కలిసి రావడం మామూలు మోతాదు లక్షణం కాదు. అతన్ని నాలుగు ప్రశ్నలు అడగండి. విస్కీకి, బీరుకు, వైన్‌కు అన్నింటికీ వస్తోందా? పావుగంటలోపే మొదలవుతోందా? తాగడం మొదలుపెట్టిన తొలి ఏడాదీ రెండేళ్లలో కూడా ఇలాగే ఉండేదా? లేక ఈ మధ్యనే కొత్తగా మొదలైందా? మన చామనఛాయ మీద ఎరుపు సరిగా కనబడదు. కాబట్టి అద్దంలో ఎర్రగా ఉందా అని కాకుండా చెవులు, బుగ్గలు వేడెక్కాయా, కళ్లు ఎర్రబడ్డాయా, గుండె దడ వచ్చిందా అని అడగండి.

అన్నింటికీ వచ్చి, మొదటినుంచీ ఉంటే, పుట్టుకతోనే ఏఎల్‌డీహెచ్2 ఎంజైమ్ సరిగా పనిచేయని తత్వం కావచ్చు. చైనా, జపాన్, కొరియా ప్రజల్లో ఇది మూడింట ఒక వంతు మందికి, అంతకన్నా ఎక్కువ మందికీ ఉంటుంది. మన దగ్గర అరుదు, కానీ లేకపోలేదు. ఇది అలర్జీ కాదు, కాబట్టి అలర్జీ మాత్రలతో బాగయ్యేది కాదు. ఎసిడిటీకి వాడే ఫామోటిడిన్ వేసుకుంటే ఎరుపు తగ్గుతుందని ఇంటర్నెట్‌లో సలహాలు తిరుగుతుంటాయి. ఎరుపు తగ్గొచ్చు, ఎసిటాల్డిహైడ్ మాత్రం అంతే ఉంటుంది. ఒళ్లు చెప్పే హెచ్చరికను నొక్కేసి, ఇంకో సీసా తాగే ధైర్యం ఇస్తుంది, అంతే. మద్యంతో ఒంట్లో పుట్టే ఎసిటాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లోనే మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చింది. ఈ ఎంజైమ్ లోపం ఉండి తాగేవాళ్లకు అన్నవాహిక క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ.

తాగంగ తాగంగ అలవాటైతది అనే మాట ఇక్కడే దెబ్బ తీస్తుంది. అలవాటు రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి మెదడులో: అంతే మందుకు మత్తు తక్కువ తెలుస్తుంది. రెండోది కాలేయంలో: ఆల్కహాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా మార్చే పక్కదారి ఒకటి కొంచెం చురుకవుతుంది. ఈ రెండూ రెండో మెట్టును బాగు చేయవు. లోపం ఉన్న ఎంజైమ్ అలవాటుతో మారదు, ఎందుకంటే అది జన్యువులో రాసి ఉంది. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు మొహం కాలడం తగ్గినట్టు అనిపిస్తుంది, లోపల విషం అలాగే ఉంటుంది. అందుకే పైన తొలి ఏడాదీ రెండేళ్ల సంగతి అడగమన్నాను, ఇప్పటి సంగతి ఒక్కటే చాలదు. ఎక్కువ తట్టుకోగలగడం గట్టితనం కాదు, ఎక్కువ పోయిందనడానికి గుర్తు.

ఇదివరకు లేకుండా ఈ మధ్యే మొదలైతే మందులు వెతకండి. విరేచనాలకనో, పళ్ల చిగుళ్లకనో మెడికల్ షాపులో అడిగి వేసుకునే మెట్రోనిడజోల్, టినిడజోల్ మొదటి అనుమానం. మెట్రోనిడజోల్ వాడుతున్నన్ని రోజులూ, ఆపాక ఇంకో మూడు రోజులూ మద్యం వద్దని దాని సూచనల్లోనే ఉంటుంది. కొన్ని సెఫలోస్పోరిన్ ఇంజెక్షన్లు, చర్మపు ఫంగస్‌కు ఇచ్చే గ్రిసియోఫుల్విన్, కొన్ని పాత షుగర్ మాత్రలు కూడా ఇదే పని చేయగలవు. కొలెస్ట్రాల్‌కు వాడే నియాసిన్ మద్యం లేకుండానే మొహం కాలుస్తుంది, మద్యంతో ఇంకా పెంచుతుంది. బుగ్గల మీద, ముక్కు మీద ఎప్పుడూ ఎరుపు, సన్నని రక్తనాళాలు, చిన్న పొక్కులు ఉంటే రొసేషియా కావచ్చు. దానికి వేడి టీ, కారం, ఎండ కూడా మొహం ఎర్రబరుస్తాయి, చర్మ వైద్యుడు మందు ఇస్తాడు.

ఇంకో సంగతి సూటిగా చెప్పాలి. తాగుడు మాన్పించాలని ఇంట్లోవాళ్లు మనిషికి చెప్పకుండా అన్నంలోనో మజ్జిగలోనో డైసల్ఫిరామ్ మాత్ర నూరి కలిపే అలవాటు ఉంది. ఏముందో రాయకుండా అమ్మే 'తాగుడు మాన్పించే పొడి' కూడా కలుపుతారు. డైసల్ఫిరామ్ ఆపేది సరిగ్గా ఆ రెండో మెట్టునే. అది ఒంట్లో ఉండగా కొద్దిగా తాగినా మొహం మండిపోతుంది, తల పగిలిపోతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ప్రాణం పోవచ్చు. చివరి మాత్ర వేసిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. ఆ మందు మంచిదే. కానీ మనిషికి చెప్పి, డాక్టర్ చూసి, ఈసీజీ, కాలేయం పరీక్షలు చేశాకే ఇవ్వాలి. మీ బామ్మర్దికి ఇది హఠాత్తుగా మొదలైందంటే ఇంట్లో ఈ ప్రశ్న ఒకసారి నెమ్మదిగా అడగండి, కోపంగా కాదు.

తల నొస్తున్నప్పుడు మాత్ర గురించి: కడుపులో మద్యం ఉండగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకుంటే కడుపులో పుండు పడి రక్తం కారే ముప్పు పెరుగుతుంది. అప్పుడప్పుడు, తక్కువగా తాగే ఆరోగ్యవంతుడు మరునాడు 500 మి.గ్రా. పారాసిటమాల్ ఒకటి వేసుకోవచ్చు. రోజూ తాగేవాళ్లకు, సరిగా తినక చిక్కిపోయినవాళ్లకు అదీ కాలేయానికి ప్రమాదమే, వాళ్లు డాక్టర్‌ను అడగాలి. ముందే మాత్ర వేసుకుని తాగడం ఎవరికీ పనికిరాదు. నీళ్లు తాగితే ఆల్కహాల్ వల్ల పోయిన నీరు తిరిగి వస్తుంది, ఎసిటాల్డిహైడ్ మాత్రం తొందరగా పోదు.

పెదాలు, నాలుక వాయడం, ఒంటి మీద దద్దుర్లు లేచి ఊపిరి అందకపోవడం, పిల్లికూతలు, కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీ నొప్పి, జీవితంలో ఎన్నడూ లేనంత తీవ్రంగా ఒక్కసారిగా తల పగిలినట్టు నొయ్యడం, వీటిలో ఏది వచ్చినా ఇంట్లో నిమ్మరసం, మజ్జిగ ఇస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి ఎంజీఎం ఎమర్జెన్సీకో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి. ఏం తాగాడో, ఎంత తాగాడో, వారం రోజులుగా ఏ మాత్రలు వేసుకున్నాడో దాచకుండా చెప్పండి. మాత్రల స్ట్రిప్ జేబులో పెట్టుకుని పోతే ఇంకా మంచిది.